తొమ్మిది వందల జతలు

గోరు బాబాయ్‌కి అసహ్యాలు ఎక్కువ. జిగురు డబ్బా వాడుకుని మూత పెట్టకుండా పోయేవాళ్లంటే అసహ్యం. కొననని ముందే తెలిసీ అరడజను జతలు తొడిగి చూసి, ముడతలు పడేలా నడిచి, తిరిగి పెట్టెలో పడేసి పోయేవాళ్లంటే అసహ్యం. అబద్ధం చెప్పి అమ్మేవాళ్లంటే మాత్రం అసహ్యం అన్న మాట చాలదు, ఆయనకి కడుపులో తిప్పుతుంది. ఇన్ని పెట్టుకుని ముప్పై ఒక్క ఏళ్లు ఒకే బూట్ల కంపెనీలో ఎలా నెగ్గుకొచ్చాడయ్యా అంటే, సగం కాలం ఎవరి మొహమూ చూడనక్కర్లేని గోడౌన్లో ఉన్నాడు కాబట్టి.

ఇరవై మూడేళ్లప్పుడు బూట్ల అడుగున సోళ్లు అంటించే పనికి చేరాడు. పన్నెండేళ్లు జిగురు వాసన పీల్చాక దగ్గు పట్టుకుంది. డాక్టరు ఆ పని మానేయమన్నాడు. కంపెనీ పెట్టిన పెద్దాయన మంచివాడు, బయటికి పొమ్మనలేదు. తాళాల గుత్తి చేతికిచ్చి గోడౌన్లో కూర్చోబెట్టాడు. అప్పటినుంచీ ఎడమ చేతి బొటనవేలి గోరు కాస్త పెంచి, ఆ గోటితో సోలు నొక్కి చూడటం ఆయనకి అలవాటైంది. నొక్కిన చోట సోలు పైకి లేస్తే బతికున్నట్టు. గాటు అలాగే ఉండిపోతే జబ్బు పడ్డట్టు. గోటికి పొడి అంటుకుంటే చచ్చినట్టు. డీలర్లు సైతం ల్యాబు కాగితాలు పక్కన పడేసి, "బాబాయ్ నొక్కాడా?" అని అడిగేవారు. పేరు అలా వచ్చింది.

పెద్దాయన పోయాక కంపెనీ ఆయన కూతురి చేతికొచ్చింది. అందరికీ ఆమె అమ్మాయిగారే. తెలివైంది, కష్టపడుతుంది, తోలు వాసన చూసి ఏ వారం పదును చేసిందో చెప్పగలదు. ఆమె భర్తని అందరూ అల్లుడుగారు అంటారు. ఆయన చూసేది ప్రచారం. ఆయన తెలివైనవాడని ఆయనే చెప్తుంటాడు కాబట్టి మనం వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది కొత్త సీజనుకి తోళ్ల ఫ్యాక్టరీ వాళ్లు మెలిక పెట్టారు. నెలాఖరులోగా ఇరవై లక్షలు బయానా కట్టకపోతే తోలు వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. బ్యాంకులో అంత లేదు. ఉన్నదల్లా గోడౌన్ పై అంతస్తులో, పెట్టెల్లో ఉంది: మూడువేల ఆరువందల జతల పాత సరుకు. కొన్ని పోయినేటివి, కొన్ని మూడేళ్లవి, ఇంకొన్ని ఎప్పటివో. పెద్దాయన బతికుండగా ధర తగ్గించి అమ్మిన పాపాన పోలేదు. "మన బూటుకి ఒకటే ధర" అనేవాడు. మిగిలినవన్నీ మేడెక్కించేవాడు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది, అద్దె కట్టే చోట పెట్టెలు పెరుగుతుంటే మాత్రం అంత బాగుండదు.

మొదటి మీటింగులో అల్లుడుగారు ఒక ఎర్ర బ్యానరు బొమ్మ బల్లమీద పరిచాడు. డెబ్భై శాతం తగ్గింపు. ఊళ్లో ఉన్న మూడు షోరూములకీ అద్దాల నిండా అదే. పాత సరుకులో అన్నిటికన్నా ఖరీదైన రెండువేల నాలుగువందల బూటుకి ముందు మూడువేల తొమ్మిదివందల చీటీ అంటించి, ఆ చీటీ మీద డెబ్భై కొట్టేస్తే పదకొండువందల డెబ్భై. "జనానికి ఎంత తగ్గిందన్నదే కనిపిస్తుంది, ఎంతనుంచి తగ్గిందన్నది ఎవడు చూస్తాడు?" అన్నాడు. చీటీల కట్ట కూడా అచ్చు వేయించి తెచ్చేశాడు. దాన్ని జేబులోంచి తీసి అందరికీ పంచాడు, పెళ్లి శుభలేఖలు పంచినట్టు.

గోరు బాబాయ్ తన చేతికొచ్చిన చీటీని రెండు వేళ్లతో పట్టుకుని బల్ల చివరికి జరిపాడు. దాన్ని ముట్టుకుంటేనే ఆయనకి జిడ్డు అంటినట్టయింది.

"మీరేమంటారు బాబాయ్?" అని అమ్మాయిగారు అడిగింది.

"పాత చీటీ కింద ఉంటుందమ్మా. గోరు పెట్టి గీకితే ఊడొస్తుంది. మొదటి రోజే ఎవడో ఒకడు గీకుతాడు. ఆ తర్వాత మన నిజం ధర కూడా ఎవడూ నమ్మడు," అన్నాడు. "పైగా పోయిన నెలే డీలర్లు ఇవే మోడళ్లు మన దగ్గర పూర్తి ధరకి తీసుకెళ్లారు. వాళ్ల కొట్టు ఎదురుగా మనమే పదకొండువందల బ్యానరు కడితే, కొత్త సీజను ఆర్డరు ఇస్తారా, మన మొహాన కొడతారా?"

లెక్కలాయన తల ఊపాడు. ఆయన తల ఊపడం అరుదు. ఖర్చు లేకపోతేనే ఊపుతాడు.

"మరి ఇరవై లక్షలు ఎక్కణ్ణించి వస్తాయి? మీ నీతి అమ్మితే వస్తాయా?" అన్నాడు అల్లుడుగారు.

వారం రోజులు బాబాయ్ మేడమీదే ఉన్నాడు. ప్రతి పెట్టే తెరిచి, ప్రతి సోలూ నొక్కి, మూడు కుప్పలు వేశాడు. తోలు సోలువీ, రబ్బరు సోలువీ ఎంత పాతబడ్డా దెబ్బతినవు, దుమ్ము దులిపి పాలిషు పెడితే చాలు. అలాంటివి రెండువేల ఏడువందలు తేలాయి. అందులో ఏడాదివి ఒక కుప్ప, అంతకన్నా పాతవి ఒక కుప్ప. మిగిలిన తొమ్మిది వందలూ నురుగు సోలువి, ఫోమంటారే అది. చూడ్డానికి తళతళ. నొక్కితే గోటి కింద జిగట పొడి. నురుగు సోలు సంగతి తొడుక్కునేవాళ్లకి తెలియదు: వాడితే కొన్నేళ్లు వస్తుంది, పెట్టెలో పెట్టి ఉంచితే గాల్లో తేమ దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. పైన పటారం, లోన లొటారం. కొన్నవాడు వారమో రెండు వారాలో నడుస్తాడు, ఆ తర్వాత నడిరోడ్డు మీద అడుగు ఊడి ముక్కలు ముక్కలుగా రాలుతుంది.

ఆ కుప్ప ముందు బాబాయ్ చాలాసేపు నిలబడ్డాడు. ఈసారి అసహ్యం ఇంకొకరి మీద కాదు. గోడౌన్ పనిలో మొట్టమొదటి సూత్రం, ముందొచ్చిన పెట్టె ముందు పోవాలి. షోరూముల వాళ్లు దుమ్ము పట్టిన పెట్టెలు పంపావని రోజూ ఫోన్లో సణిగేవారు. వాళ్లతో మాటలు పడటం విసుగొచ్చి, మూడేళ్ల కిందట ఆయన కొత్త పెట్టెలు ముందుకీ పాతవి వెనక్కీ పేర్చడం మొదలెట్టాడు. శుభ్రమైన పెట్టెలు వెళ్లాయి, సణుగుడు ఆగింది. వెనక వరసలో నురుగు సోళ్లు కుళ్లాయి. అది ఆయనకి తెలుసు. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ పొడి వాసన పుల్లగా, పాచిగా వచ్చింది. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు.

రెండో మీటింగులో తన పథకం చెప్పాడు. షోరూముల్లో బ్యానరే వద్దు. వర్క్‌షాపు పక్కనున్న హాలు ఖాళీ చేసి నాలుగు రోజులు అక్కడే అమ్మాలి. మొదటి రోజు మన బూటుకి రిపేరు చేయించుకున్న పాత ఖాతాదారులకి మాత్రమే కబురు; వాళ్ల ఫోన్ నంబర్లు రిపేరు పుస్తకంలో ఉన్నాయి. పోయినేటి సరుకు మూడింట రెండు వంతుల ధరకి, అంతకన్నా పాతది మూడో వంతుకి. అసలు చీటీ అలాగే ఉండాలి, తగ్గించిన ధర పక్కన చేత్తో రాయాలి. మోడల్ వారీగా కాకుండా సైజు వారీగా వరసలు పెట్టాలి, ఎందుకంటే పాత సరుకులో సైజులు తెగిపోయి ఉంటాయి, ఎనిమిదో నంబరు పాదం వాడికి ఎనిమిదే చూపించాలి. ప్రతి బూటు నాలిక లోపల పాత సీజన్ అని ముద్ర వేయాలి, లేకపోతే ఇక్కడ చవగ్గా కొన్నదే షోరూముకి తెచ్చి పూర్తి ధరకి మార్పిడి అడుగుతారు. చివరి రోజు ఇంకా తగ్గుతుందన్న ఆశ ఎవరికీ పెట్టకూడదు. మన నల్ల ఆఫీసు బూటు ఉంది చూశారూ, ఏడాది పొడుగునా తిండి పెట్టేది, దాని జోలికే పోకూడదు. డీలర్లకి రెండు వారాల ముందే చెప్పాలి. వాళ్ల దగ్గర మిగిలిన పాత జతలకి తేడా సొమ్ము కొత్త ఆర్డర్లో తగ్గించి ఇవ్వాలి.

"చేతిలోంచి పైసా పోదు," అన్నాడు లెక్కలాయన, తనకే చెప్పుకుంటున్నట్టు. "ఆర్డరు కూడా ముందే ఖాయమవుతుంది."

"మరి తొమ్మిది వందలు?" అని అల్లుడుగారు జాబితా మీద వేలు పెట్టాడు. "ఇక్కడ చచ్చినవి అని రాశారు. ఎలా చచ్చాయి బాబాయ్? ఏటికేడు వేరే సరుకు పోతుంటే ఇవే ఎందుకు మిగిలాయి?"

కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు. బాబాయ్‌కి ఆ మాట గుర్తొచ్చింది, అయినా చెప్పాడు. "నా వల్లే. కొత్తవి ముందు పేర్చాను."

అల్లుడుగారి మొహంలో ఒక తృప్తి కనిపించింది, ఆకలి మీదున్న పిల్లికి ఉట్టి తెగినప్పుడు కనిపించేలాంటిది. అమ్మాయిగారు జాబితా మడిచింది. రెండువేల ఏడువందలూ మీరు చెప్పినట్టే అమ్ముదాం, ఆ తొమ్మిది వందల సంగతి తర్వాత చూద్దాం అంది. తర్వాత చూద్దాం అన్న మాట బాబాయ్‌కి నచ్చలేదు. కుళ్లినదాన్ని తర్వాత చూస్తే ఇంకా కుళ్లుతుంది.

సేల్ బాగానే జరిగింది. మొదటి రోజు వచ్చినవాళ్లు మర్యాదగా వచ్చారు, తమ సైజు వరసలో నిలబడ్డారు, ముద్ర చూసి ఇదేంటని అడిగారు, చెబితే సరేనన్నారు. రెండో రోజుకి ఆ మర్యాద పల్చబడింది. ఒకావిడ తన జత మీద కూర్చుని పక్కావిడ జత లాగింది. ఒకాయన ఒక కాలు ఎనిమిది, ఒక కాలు తొమ్మిది తొడుక్కుని, పెట్టెలు మార్చేసి, కనిపెట్టినందుకు బాబాయ్ మీదే కేకలేశాడు. చవగ్గా దొరికేసరికి మనుషులు ఎలా అవుతారో చూసి బాబాయ్ మధ్యాహ్నం భోజనం మానేశాడు. అయితే ఎవరూ చీటీ గీకలేదు, ఎందుకంటే గీకడానికి ఏమీ లేదు. ఇద్దరు డీలర్లు తొంగి చూసి, తమకి ముందే చెప్పినట్టే ఉందని తృప్తిపడి వెళ్లారు.

నాలుగో రోజు సాయంత్రానికి రెండువేల నూటయాభై జతలు వెళ్లిపోయాయి. చేతికొచ్చింది పదిహేడు లక్షల ఇరవై వేలు. మిగిలినవన్నీ ఎవరికీ పట్టని చిన్న సైజులూ, మరీ పెద్ద సైజులూ. బయానాకి రెండు లక్షల ఎనభై వేలు తక్కువ పడింది. గడువు ఇంకా రెండు రోజులుంది.

మర్నాడు పొద్దున్నే అల్లుడుగారు ఒక వ్యాపారిని వెంటబెట్టుకొచ్చాడు. ఎక్కడెక్కడి మిగులు సరుకూ కుప్పలెక్కన కొని దూరప్రాంతాల సంతలకి తోలేస్తుంటాడు. లావుపాటి మనిషి, నోట్లో ఎప్పుడూ ఏదో నములుతుంటాడు, ఆ నమిలినది మాట్లాడేటప్పుడు కూడా కనిపిస్తుంది. జతకి మూడువందల యాభై చొప్పున తొమ్మిది వందలూ ఎత్తుకుంటానన్నాడు. మూడు లక్షల పదిహేను వేలు, అప్పటికప్పుడు. కంపెనీ గుర్తు కోసేసి ఇస్తే చాలట.

"గుర్తు కోసేస్తున్నాం కదా బాబాయ్, మన పేరుకి ఏమవుతుంది?" అన్నాడు అల్లుడుగారు. ఆ మాటకి అమ్మాయిగారు కిటికీ వైపు తిరిగింది.

వ్యాపారి ఒక బూటు చేతిలో తిప్పుతూ, "ఊరికే అనుకోవడమెందుకు. బాబాయ్ గోరంటే మాకూ గౌరవమే. మీరు చెప్పండి, ఈ సరుకు బతికుందా?" అన్నాడు.

అమ్మాయిగారు ఇటు తిరిగింది. అవునంటే చాలు. ఒక్క మాటతో తోలు వస్తుంది, మిషన్లు ఆడతాయి, ఆయన చేసిన తప్పు కూడా లారీ ఎక్కి పోతుంది. ఆమె కళ్లలో ఆ బతిమాలుకోవడం బాబాయ్ చూశాడు.

"లేదు," అన్నాడు. "చచ్చింది. రెండు వారాలు నడిస్తే రాలిపోతుంది."

వ్యాపారి నవ్వాడు. నోట్లోది కూడా నవ్వింది. "నాకు తెలుసు బాబాయ్. నేనూ గోరు పెంచుకునే తిరుగుతాను. మీ నోటితో వినాలని అడిగాను. చచ్చిన సరుకైతే మూడువందల యాభై దేనికి? రెండువందలకి ఇచ్చేయండి. సంతలో కొనేవాడికి రెండు వారాలు చాలు, మళ్లీ వెతుక్కుంటూ ఎవడొస్తాడు?"

బాబాయ్‌కి మోసపోయినట్టు తెలిసింది. ఇన్నేళ్లు అబద్ధం అంటకుండా కాపాడుకున్న మాటతో నిజం చెప్తే, ఆ లావుపాటాయన దాన్ని బేరానికి వాడుకున్నాడు. నిజం చెప్పి ఆ బూట్లని ఆపానని అనుకున్నాడు. తీరా చూస్తే తను చేసింది వాటి ధర తగ్గించడమే.

లక్షా ఎనభై వేలు. అయినా అమ్మాయిగారు వద్దనలేదు. "సరే, పంపించేయండి బాబాయ్," అంది, ఆయన వైపు చూడకుండా.

గేటు దాటాలంటే గోడౌన్ చీటీ కావాలి. సరుకు ఏమిటో, ఏ స్థితిలో ఉందో బాబాయ్ రాసి సంతకం పెడితేనే లారీ కదులుతుంది, ఆ చీటీ నకలు సరుకుతోపాటే వెళ్తుంది. పెద్దాయన పెట్టిన పద్ధతి అది. బాబాయ్ చీటీ పుస్తకం తీసి, పెద్ద అక్షరాలతో రాశాడు: తొమ్మిది వందల జతలు. సోళ్లు కుళ్లినవి. తొడగడానికి పనికిరావు.

వ్యాపారి చదివి నమలడం ఆపాడు. "ఇదేంటి? ఈ కాగితం వెంట ఉంటే సంతలో ఎవడు దించుకుంటాడు? పాత బూట్లు అని రాయండి చాలు."

"బాబాయ్, మార్చి రాయండి," అన్నాడు అల్లుడుగారు.

బాబాయ్ పుస్తకంలో ఇంకో ఖాళీ చీటీ తెరిచి, కలం దాని మీద పెట్టి, రెండూ అమ్మాయిగారి ముందుకి జరిపాడు. "కంపెనీ మీదమ్మా. మీరు రాయండి. మీరు సంతకం పెడితే గేటు తీస్తాను. నా చేత్తో మాత్రం రాయించకండి."

ఆమె కలం పట్టుకుంది. పాత బూట్లు అని రెండు మాటలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె చేయి కాగితం మీదే ఆగిపోయింది. చివరికి కలం మూత పెట్టి, "ఎవరికీ అమ్మొద్దు. బూట్లన్నీ కోసేయండి," అంది.

వ్యాపారి లేచి, చేతిలోని బూటు బల్లమీద విసిరి వెళ్లిపోయాడు. అల్లుడుగారు ఆయన వెనకాలే గేటుదాకా పరిగెత్తాడు. ఆ పరుగు చూడ్డానికి చాలా అసహ్యంగా ఉంది.

ఆ రోజంతా కోతమిషను దగ్గర బాబాయే నిలబడ్డాడు. ప్రతి జతలోనూ ఎడమ బూటు అడ్డంగా కోస్తే చాలు, ఇక ఎవరూ అమ్ముకోలేరు. సోళ్ల పొడి మోచేతులదాకా అంటుకుంది. తొమ్మిది వందలు పూర్తయ్యేసరికి ఆయనకి ఏ గొప్ప పనీ చేసినట్టనిపించలేదు.

మర్నాడు అమ్మాయిగారు పదిహేడు లక్షల ఇరవై వేలే కట్టి, దానికి తగ్గట్టు తోలు కూడా తగ్గించుకుంది. తోలు తగ్గితే కుట్టుపని తగ్గుతుంది. నలభై కుట్టుమిషన్లలో ఆరింటికి రెండు నెలలు పని లేదని లెక్కలాయన బోర్డు మీద కాగితం అంటించాడు. చివర చేరినవాళ్లు ముందు ఆగాలి, అది న్యాయమైన పద్ధతే. ఆ ఆరుగురిలో నాలుగో పేరు బాబాయ్ భార్యది. పిల్లలు పెద్దయ్యాక నాలుగేళ్ల కిందటే చేరింది ఆవిడ.

ఇంటికెళ్లేసరికి ఆవిడకి అప్పటికే తెలుసు. పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"కుళ్లిన బూట్లు అమ్మనివ్వలేదంట కదా. మంచిపని చేశారు," అంది.

బాబాయ్ ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆ కొత్త పెట్టెలు ముందు పేర్చేటప్పుడు వెనకున్నవి కుళ్లుతాయని తెలియదా మీకు?"

"తెలుసు."

"తెలిసే పేర్చారా?"

"షోరూము వాళ్లతో రోజూ గొడవెందుకని."

ఆవిడ కత్తి పక్కన పెట్టి ఆయన వైపు చూసింది. ఆ చూపు ఏమిటో బాబాయ్ ఇట్టే గుర్తుపట్టాడు, జీవితమంతా ఇతరుల వైపు తను చూసిన చూపే అది. "నాదంటే సరే, మొగుడి జీతం ఉంది. మిగిలిన ఐదుగురూ? కాగితం చూసి తెలుసుకోవాలా వాళ్లు? లేవండి. ఐదు ఇళ్లకీ వెళ్లి మీ నోటితో మీరే చెప్పి రండి. తర్వాత తిందురుగాని."

ఆయన లేచాడు. మొదటి ఇల్లు రెండు వీధుల అవతల, మెట్ల కింద గది. తలుపు తీసిన పిల్లకి పాతికేళ్లుంటాయేమో, కుట్టులో చేరి ఏడాది. చంకలో బిడ్డ. ఇంకా బోర్డు చూసినట్టు లేదు.

"రండి బాబాయ్, కూర్చోండి. సేల్ చాలా బాగా జరిగిందటగా," అంది సంతోషంగా.

ఆయన కూర్చోలేదు. గడపలోనే నిలబడి, పెట్టెలు పేర్చిన దగ్గర్నుంచి బోర్డు మీద ఆ పిల్ల పేరు దాకా అంతా చెప్పాడు. తప్పు తనదని రెండుసార్లు చెప్పాడు. ఆ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. బిడ్డని ఆ చంకనుంచి ఈ చంకకి మార్చుకుని ఒక్కటే అడిగింది.

"రెండు నెలలేనా బాబాయ్? ఖాయంగా రెండు నెలలేనా?"

తోలు ఎప్పుడొస్తుందో, డీలర్లు ఎంత ఆర్డరిస్తారో, మిషన్లు మళ్లీ ఎప్పుడు తిరుగుతాయో ఆయనకి ఏమీ తెలియదు.

"రెండు నెలలే తల్లీ. ఖాయం," అన్నాడు.